పదో తరగతి గణితం పేపర్లు దిద్దేవారికి, దిద్దించేవారికి: సోపానాలకు మార్కులు ఇవ్వండి

స్పాట్ వాల్యుయేషన్ శిబిరాల్లో పదో తరగతి గణితం జవాబు పత్రాలు దిద్దే అసిస్టెంట్ ఎగ్జామినర్లకు, వారి పనిని పర్యవేక్షించే చీఫ్ ఎగ్జామినర్లకు, మూల్యాంకన సూత్రాలను ఖరారు చేసే పరీక్షల విభాగం అధికారులకు,

నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. చాలా ఏళ్లు మీతో పాటు అవే బల్లల ముందు కూర్చుని పత్రాలు దిద్దాను. ఈ లేఖలోని విషయాన్ని ఇదివరకే వినతిపత్రంగా రాసి, తోటి ఉపాధ్యాయుల సంతకాలతో పంపాం. అందినట్టు రసీదు వచ్చింది కానీ సమాధానం రాలేదు. మరో పరీక్షల కాలం దగ్గర పడుతున్నందువల్ల అదే సంగతిని బహిరంగంగా మీ ముందు పెడుతున్నాను.

సోపానాలను బట్టి మార్కులు వేయాలన్న నియమం కొత్తగా కోరుతున్నది కాదు. గణితానికి ఇచ్చే మూల్యాంకన సూత్రాల్లో పెద్ద ప్రశ్నలకు ఏ సోపానానికి ఎన్ని మార్కులో విడగొట్టి చూపడం ఎప్పటి నుంచో ఉంది. మా ఫిర్యాదు నియమం లేదని కాదు, అది పత్రం మీదకు రావడం లేదని. రోజుకు 40 పత్రాల లెక్కన దిద్దుతున్నప్పుడు ఒక్కో పత్రానికి సుమారు పది నిమిషాలు దొరుకుతాయి. ఆ పది నిమిషాల్లో కన్ను ముందు చివరి వరుస మీదకు వెళ్తుంది. అక్కడ కీలో ఉన్న సంఖ్య కనిపిస్తే పూర్తి మార్కులు పడతాయి. కనిపించకపోతే పై వరుసలన్నిటికీ కలిపి రెండో మూడో అంచనాగా పడతాయి. దీన్ని నేను ఎవరి దురుద్దేశంగానూ చెప్పడం లేదు, ఎండాకాలపు శిబిరంలో ఆ పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ అంచనా వల్ల ఏం పోతోందో ఒక లెక్కను పట్టుకుని వరుసగా చూద్దాం.

వర్గ సమీకరణాల పాఠంలో ఏటా కనిపించే తరహా ప్రశ్న తీసుకుంటాను. ఒక రైలు 300 కిలోమీటర్ల దూరాన్ని సమవేగంతో ప్రయాణించింది. దాని వేగం గంటకు 10 కిలోమీటర్లు ఎక్కువగా ఉండి ఉంటే ఒక గంట ముందుగా చేరేది. రైలు వేగం ఎంత? దీనికి 8 మార్కులు అనుకుందాం. వేగాన్ని x గా తీసుకుని రెండు సందర్భాల్లో పట్టే కాలాలను 300/x, 300/(x+10) అని రాయడానికి 2 మార్కులు. వాటి మధ్య తేడా ఒక గంట అని 300/x − 300/(x+10) = 1 అనే సమీకరణం రాయడానికి 1 మార్కు. దాన్ని x² + 10x − 3000 = 0 రూపానికి తేవడానికి 2 మార్కులు. కారణాంకాలుగా (x + 60)(x − 50) = 0 అని విడగొట్టడానికి 1, వాటి నుంచి మూలాలు రాయడానికి 1. వేగం రుణాత్మకం కాదని ఒక మూలాన్ని వదిలి, గంటకు 50 కిలోమీటర్లు అని ప్రమాణంతో సహా తేల్చడానికి 1. మొత్తం 8.

మొదటి విద్యార్థిని వర్గ సమీకరణం దాకా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. కారణాంకాల దగ్గర గుర్తులు తారుమారై (x − 60)(x + 50) = 0 అని రాసింది. అక్కడి నుంచి 60, −50 అనే మూలాలను సరిగానే తీసింది, రుణ మూలాన్ని కారణం చెప్పి వదిలేసింది, వేగం గంటకు 60 కిలోమీటర్లు అని ముగించింది. చివరి సంఖ్య తప్పు. కానీ ఆమె చేసిన తప్పు ఒక్కటే, అది కారణాంకాల సోపానంలో ఉంది. ఆ ఒక్క మార్కు తీసేస్తే ఆమెకు 7 రావాలి. తుది విలువ తప్పయింది కాబట్టి చివరి మార్కు కూడా తీయాలని, 6 వేయాలని అనే సహోద్యోగులు ఉన్నారు. ఆ మాట సూత్రాల్లో ముందే రాసి అందరికీ ఒకేలా అమలు చేస్తే నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఇలాంటి జవాబుకు 2 వేసి పేజీ తిప్పేయడం దగ్గరే.

రెండో విద్యార్థి కాలాలను సరిగా రాశాడు కానీ వాటిని తలకిందులుగా తీసివేసి 300/(x+10) − 300/x = 1 అని రాశాడు. వేగం పెరిగితే కాలం తగ్గుతుందన్న విషయం ఈ వరుసలో తప్పిపోయింది. నిజంగా సూక్ష్మీకరిస్తే ఇది x² + 10x + 3000 = 0 అవుతుంది, దానికి వాస్తవ మూలాలే ఉండవు. అతను మాత్రం తరువాతి వరుసలో ఏ కారణమూ చూపకుండా x² + 10x − 3000 = 0 అని రాసి, కారణాంకాలు తీసి, 50 దగ్గర ఆగాడు. చివరి వరుసే చూసేవారు దీనికి 8 వేస్తారు. సోపానాలు చూస్తే కాలాలకు 2, సమీకరణానికి 0, గుణకారాలు సరిగా చేసినందుకు సూక్ష్మీకరణలో 1, కారణాంకాలకు 1, మూలాలకు 1, ముగింపుకు 1 కలిపి 6 వస్తాయి. అంటే జవాబు తప్పిన ఆ అమ్మాయికి, జవాబు కుదిరిన ఈ అబ్బాయి కన్నా ఒక మార్కు ఎక్కువ రావాలి. ప్రస్తుతం జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం.

సోపాన మార్కులు అంటే దయతో వేసే మార్కులు కావని చెప్పడానికి మూడో పత్రం చూడాలి. వేగం 10 పెరిగితే గంట తగ్గింది కాబట్టి 300ను 10తో భాగిస్తే 30 వచ్చిందని, అదే వేగమని ఒకరు రాశారనుకుందాం. భాగహారం సరైనదే. అయినా ఈ లెక్క పరీక్షిస్తున్న పని ఏదీ ఇందులో జరగలేదు. కాలాలు రాయలేదు, వర్గ సమీకరణం రాలేదు. కొన్ని తప్పులు లెక్కను తేలిక చేసేస్తాయి, అప్పుడు తరువాతి సోపానాలు ఉండవలసినంత కష్టంగా మిగలవు. అలాంటప్పుడు ఆ సోపానాల మార్కులు ఇవ్వనక్కరలేదు. తప్పు జరిగిన తరువాత కూడా అంతే స్థాయి పని మిగిలి ఉండి, దాన్ని విద్యార్థి సరిగా చేశారా అన్నదే కొలత.

ఇక నాలుగో రకం. ఏ సోపానమూ లేకుండా వేగం 50 అని రాసి, 300/50 = 6, 300/60 = 5, తేడా ఒక గంట అని సరిచూసి చూపిన పత్రం. దీనికి ఎంత ఇవ్వాలన్నది ఏ ఇద్దరు ఎగ్జామినర్లూ ఒకేలా చెప్పరు. సరిచూసుకోవడం కూడా గణితమే కాబట్టి సున్నా వేయడం అన్యాయమని, పద్ధతి చూపనందువల్ల పూర్తి మార్కులు తగవని నా అభిప్రాయం. నా అభిప్రాయం కన్నా ముఖ్యమైన సంగతి, ఈ నిర్ణయం ఒక్కో బల్ల దగ్గర ఒక్కోలా కాకుండా దిద్దుబాటు మొదలు కాకముందే ఒకచోట జరగాలి.

ఈ లెక్కలో తప్పు చివరికి దగ్గరగా జరిగింది. మొదట్లోనే జరిగితే నష్టం ఇంకా పెద్దది. సాంఖ్యక శాస్త్రంలో సోపాన విచలన పద్ధతితో అంకమధ్యమం కనుక్కునే ప్రశ్న చూడండి. తరగతులు 10–20 నుంచి 50–60 వరకు అయిదు. పౌనఃపున్యాలు 6, 8, 16, 12, 8, మొత్తం 50. ఊహించిన అంకమధ్యమం 35, తరగతి పొడవు 10. విచలనాలు −2, −1, 0, 1, 2. లబ్ధాలు −12, −8, 0, 12, 16 కావాలి, వాటి మొత్తం 8, అంకమధ్యమం 35 + (8/50) × 10 = 36.6. విద్యార్థి చివరి గడిలో 8 × 2 = 18 అని రాశాడు. దాంతో మొత్తం 10 అయింది, అంకమధ్యమం 37 అయింది. పట్టికలో ఒకే ఒక గడి తప్పు. ఆ తరువాత అతను చేసిన కూడిక సరైనది, సూత్రం సరైనది, ప్రతిక్షేపణ సరైనది, చివరి గుణకారమూ సరైనది. కానీ కీలోని సంఖ్యలతో పోల్చుతూ పోతే 10 దగ్గర ఒక ఇంటూ, ప్రతిక్షేపణ దగ్గర ఒక ఇంటూ, 37 దగ్గర మరో ఇంటూ పడతాయి. ఒక తప్పుకు మూడుసార్లు శిక్ష.

సీబీఎస్ఈ తన మార్కింగ్ స్కీములకు జతచేసే సాధారణ సూచనల్లో ఈ విషయం స్పష్టంగా ఉంటుంది. ఒక పొరపాటు ప్రభావం కిందికి వ్యాపించినందుకు మార్కులు తీయకూడదని, దానికి ఒక్కసారి మాత్రమే కోత వేయాలని అందులో చెబుతారు. ఆ స్కీములు వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటాయి. బ్రిటన్‌లో పాఠశాల పరీక్షలు నిర్వహించే బోర్డులు పద్ధతి మార్కును M అని, కచ్చితత్వపు మార్కును A అని విడిగా గుర్తిస్తాయి. పద్ధతి మార్కు రాకుండా దాని మీద ఆధారపడిన కచ్చితత్వపు మార్కు రాదు. అంతకుముందు తాను తెచ్చుకున్న తప్పు విలువతోనే తరువాతి పని సరిగా చేసినవారికి స్కీములో చెప్పిన చోట ft అనే గుర్తుతో మార్కు ఇస్తారు. ఈ పద్ధతిలో 37 రాసిన అబ్బాయికి లబ్ధాల వరుసలో ఒక మార్కు పోయి మిగిలినవన్నీ దక్కుతాయి. దీనికీ ఒక హద్దు ఉంది. ఎవరైనా అంకమధ్యమం 82 అని తేలిస్తే, దత్తాంశమంతా 10కీ 60కీ మధ్య ఉండగా సగటు 82 కాజాలదన్న స్పృహ లేకపోయినందుకు చివరి మార్కు ఇవ్వకపోవడం సబబే.

జవాబు సరిగా రాకపోతే ఆ గణితం ఎందుకని అడిగేవారికి ఒక మాట. కచ్చితత్వానికి మార్కు ఉండాలి, ఉంది కూడా. ఎనిమిదింటిలో అది ఒకటో రెండో. మిగిలిన ఆరింటిని కూడా దానికే కట్టేసినప్పుడు, పరీక్ష కొలుస్తున్నది వర్గ సమీకరణం తెలుసా లేదా అన్నది కాకుండా ఆ పూట ఒక గుర్తు జారిందా లేదా అన్నది అవుతుంది.

దీని ఫలితాలు ఎవరి మీద పడుతున్నాయో వివరిస్తాను.

1. ఉత్తీర్ణతకు 35 మార్కులు కావాలి. అంచున ఉండే పిల్లలు రాసే పత్రాలు నేను ఎక్కువగా చూశాను. వాళ్లు ఒక్క పెద్ద లెక్క కూడా చివరిదాకా తప్పు లేకుండా తీసుకెళ్లలేకపోవచ్చు కానీ ప్రతి లెక్కలోనూ సగం దారి సరిగా నడుస్తారు. సూత్రం రాస్తారు, పటం గీస్తారు, సమీకరణం దాకా వస్తారు. వాళ్లకు మార్కులు దక్కేది సోపానాల్లోనే. బాగా చదివే విద్యార్థికి సోపాన మార్కులు లేకపోతే రెండు మూడు తగ్గుతాయి, ఈ పిల్లలకు ఏడాదే పోతుంది. గణితంలో తప్పిన అమ్మాయి సప్లిమెంటరీకి మళ్లీ కూర్చుంటుందా, చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడతారా అన్నది చాలా ఊళ్లలో ఇప్పటికీ నిజమైన ప్రశ్న.

2. ట్రిపుల్ ఐటీలుగా మనం పిలుచుకునే ఆర్‌జీయూకేటీ ప్రాంగణాల్లో సీట్లు పదో తరగతి మార్కులను బట్టే ఇస్తారు. మార్కులు సమానంగా ఉన్నవారిలో ముందు గణితం మార్కులు చూస్తారు. అక్కడ ఒక్క మార్కు తేడాతో సీటు చేయి దాటిపోతుంది. ఆ సీట్ల కోసం ఎదురుచూసేవారిలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు, ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు ఎక్కువ.

3. పత్రం మీద జవాబు పక్కన సున్నా చుట్టిన ఒకే అంకె ఉండడం వల్ల తప్పు జరిగినా రుజువు చేసే దారి లేదు. మూల్యాంకనం చేసిన తన పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో సీబీఎస్ఈకి సంబంధించిన కేసులో సమాచార హక్కు చట్టం కింద తీర్పు ఇచ్చింది. మన దగ్గర రీవెరిఫికేషన్‌కు సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు కట్టి జిరాక్సు తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నాక కనిపించేది 3 అన్న అంకె. ఆ మూడు ఏ సోపానాలకు వచ్చాయో, మిగిలిన అయిదు ఎక్కడ పోయాయో పిల్లకూ తెలియదు, తండ్రికీ తెలియదు, మాలాంటి ఉపాధ్యాయులకూ తెలియదు. కూలికి వెళ్లే తండ్రికి ఆ వెయ్యి రెండు మూడు రోజుల సంపాదన. దిద్దకుండా వదిలేసిన జవాబు ఉంటే, కూడిక తప్పితే సరిచేస్తారు. దిద్దిన జవాబుకు మార్కులు తక్కువ పడ్డాయంటే వినేవారు లేరు.

4. పిల్లలు మన దిద్దుబాటును చూసి రాయడం నేర్చుకుంటారు. ఆప్షన్లకు బుడగలు నింపే ప్రవేశ పరీక్షల తర్ఫీదు ఇప్పుడు ఆరో తరగతి నుంచే మొదలవుతోంది, ఆ పరీక్షల్లో పద్ధతిని చూసేవారు ఎలాగూ ఉండరు. పూర్తిగా రాసిన లెక్కను ఇంకొకరు చదివి విలువ కట్టే పెద్ద పరీక్ష పిల్లల జీవితంలో మొదట పదో తరగతే. ఇక్కడ కూడా చివరి అంకెకే మార్కులు పడితే, తెలివైన పిల్లలు సోపానాలు మింగేసి జవాబు రాస్తారు, తెలియని పిల్లలు గైడులోని జవాబు బట్టీ పట్టి మధ్యలో ఏవో వరుసలు నింపుతారు. పైన చెప్పిన రెండో పత్రం అలా పుట్టిందే.

సోపానాల వారీగా దిద్దితే ఆలస్యమవుతుందని శిబిరాల్లో అంటారు. మొదటి రోజు అవుతుంది, నిజమే. స్కీము చేతికి అలవాటైన తరువాత సరైన పత్రానికి పట్టే సమయంలో తేడా ఉండదు, ఎందుకంటే అన్ని సోపానాలూ టిక్కులే. తేడా వచ్చేది తప్పిన జవాబుల దగ్గరే, అక్కడ ఒక నిమిషం ఎక్కువ పట్టాలి కూడా. ఆ నిమిషం ఎగ్జామినర్ల దగ్గర లేకపోతే పత్రాల సంఖ్య తగ్గించవలసింది అధికారులు, సోపానాలు చదవడం మానుకోవలసింది ఎగ్జామినర్లు కాదు.

అందువల్ల మేము కోరుతున్నవి ఇవి.

1. నాలుగు మార్కులు, అంతకన్నా ఎక్కువ మార్కులు ఉన్న ప్రతి గణిత ప్రశ్నకు, ఏ సోపానానికి వచ్చిన మార్కును ఆ సోపానం పక్కనే మార్జిన్‌లో రాయాలి. తప్పు మొదలైన వరుస కింద గీత గీయాలి. మొత్తం అంకె వీటి కూడికగా మాత్రమే ఉండాలి.

2. ఒక తప్పుకు ఒక్కసారే కోత అన్న వాక్యాన్ని మూల్యాంకన సూత్రాల్లో స్పష్టంగా చేర్చాలి. తప్పు వల్ల లెక్క తేలికైపోయినప్పుడు, వచ్చిన జవాబు అసంభవమైనప్పుడు ఏం చేయాలో కూడా ఉదాహరణలతో చెప్పాలి.

3. కీలో లేని పద్ధతికి, ఉదాహరణకు కారణాంకాలకు బదులు వర్గ సమీకరణ సూత్రం వాడినవారికి లేదా వర్గాన్ని పూర్తి చేసినవారికి, సోపానాల మార్కులు ఎలా పంచాలో ముందే ఇవ్వాలి. సోపానాలు లేకుండా జవాబు మాత్రమే రాసినవారి సంగతీ అందులోనే తేల్చాలి.

4. శిబిరం మొదటి రోజు, అసలు పత్రాలు తెరవకముందు, పైన చూపిన నాలుగింటి లాంటి నమూనా జవాబులను ఎగ్జామినర్లందరి చేతా విడివిడిగా దిద్దించి, వేసిన మార్కులను పక్కపక్కన పెట్టి చర్చించాలి. ఒకే జవాబుకు ఒకరు 2, ఇంకొకరు 7 వేస్తే ఆ తేడా అక్కడే బయటపడాలి. ఇందుకు ఒక పూట చాలు.

5. ఉత్తీర్ణతకు అయిదు మార్కుల లోపు తక్కువైన ప్రతి గణితం పత్రాన్నీ చీఫ్ ఎగ్జామినర్ సోపానాల వారీగా రెండోసారి చూడాలి. మార్కులు కలపడానికి కాదు, సోపానం వదిలిపోయిందేమో చూడడానికి.

6. ఫలితాలు వచ్చిన రోజే గణితం మూల్యాంకన సూత్రాలను సోపానాల మార్కులతో సహా వెబ్‌సైటులో పెట్టాలి. రీవెరిఫికేషన్‌లో సోపానానికి మార్కు పడలేదన్న అభ్యంతరాన్ని, వరుస చూపించి అడిగినప్పుడు, స్వీకరించాలి. అభ్యంతరం నిజమని తేలితే ఆ వెయ్యి రూపాయలు తిరిగి ఇవ్వాలి.

వీటిలో మొదటిదానికి, నాలుగోదానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అవసరం లేదు. చీఫ్ ఎగ్జామినర్లు తలచుకుంటే వచ్చే శిబిరంలోనే మొదలుపెట్టవచ్చు. మిగిలిన నాలుగింటి మీద పరీక్షల విభాగం తన నిర్ణయాన్ని, ఒప్పుకోనివి ఉంటే కారణాలతో సహా, పబ్లిక్ పరీక్షల హాల్ టికెట్లు ఇచ్చేలోగా రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాం. నమూనా జవాబులు తయారుచేసి ఇవ్వడానికి, శిబిరం మొదటి పూట చర్చ నడపడానికి మాలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులం పారితోషికం లేకుండా వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, వినతిపత్రంపై సంతకాలు చేసిన తోటి ఉపాధ్యాయుల తరఫున